పాత బాకీ అడిగే ఉత్తరం ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు

(వ్యాపార ఉత్తరాలు అనువదించేవాళ్ల కోసం గుంటూరులో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోంది కదా? సరే. ముందు మీకో ఉత్తరం చదివి వినిపిస్తాను. మన ఊరి మిర్చి ఎగుమతి వ్యాపారి ఒకాయన, ఇంగ్లండులో తన సరుకు కొనే కంపెనీ మేనేజరుకి తెలుగులో రాసి, ఇంగ్లీషు చేసిపెట్టమని నాకిచ్చిన ఉత్తరం ఇది. పేర్లు, అంకెలు మార్చాను. వ్యాపారిని నేను బాబాయి గారు అంటాను, ఇక్కడా అలాగే అంటాను. కొనే ఆయన పేరు రాబర్ట్ స్మిత్ అనుకుందాం. వినండి.

"గౌరవనీయులైన రాబర్ట్ గారికి నమస్కారములు. మీరు, మీ కుటుంబ సభ్యులు క్షేమమని తలుస్తాము. మీ దయ వల్ల ఇక్కడ మేమంతా కులాసా. ఏప్రిల్‌లో పంపిన సరుకు మీకు నచ్చినందుకు చాలా సంతోషం. మీవంటి పెద్దలతో వ్యాపారం చేయడం మా అదృష్టం. సీజను ముగిసింది, రైతులకు లెక్కలు తేల్చే సమయం. మీకు తెలియనిది కాదు. చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ, ఆ పాత బిల్లు సంగతి ఒకసారి చూడగలరు. వీలైతే ఈ నెలాఖరులోగా సర్దగలరని ఆశిస్తున్నాము. మీరేమీ అనుకోవద్దు. మా మీద దయ ఉంచగలరు."

బాగుంది కదా? నిజంగానే బాగుంది. తెలుగులో ఇంతకంటే మర్యాదగా బాకీ అడగడం కష్టం. మరి ఇందులో ఎంత డబ్బు రావాలో ఉందా? లేదు. ఏ ఇన్‌వాయిస్? లేదు. గడువు ఎప్పుడు దాటింది? అదీ లేదు. అయినా తెలుగు వ్యాపారికి ఎవరికిచ్చినా చదివి, "ఓహో, డబ్బు అడుగుతున్నాడు, గట్టిగానే అడుగుతున్నాడు" అంటాడు. ఆ గట్టితనం ఎక్కడుందో ఆయనకి తెలుసు. రాబర్ట్‌కి తెలియదు.

దీన్ని ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి దించితే ఏమవుతుందో చూద్దాం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు రెండు రకాలుగా దించుతారు. మొదటి రకం, మాటకి మాట. "బై యువర్ మెర్సీ వి ఆర్ ఆల్ ఫైన్. ఇట్ ఈజ్ అవర్ ఫార్చూన్ టు డు బిజినెస్ విత్ యూ. యూ కెన్ సీ ద ఓల్డ్ బిల్ వన్స్. ఇఫ్ పాసిబుల్, యూ కెన్ అడ్జస్ట్ బిఫోర్ మంత్ ఎండ్. డోంట్ థింక్ ఎనీథింగ్." నవ్వకండి. ఇలాంటివి రోజూ వెళ్తూనే ఉన్నాయి.

ఇది చదివితే రాబర్ట్‌కి ఏమనిపిస్తుంది? మర్యాద అనిపించదు. ముందుగా, "ఈ కంపెనీ డబ్బుకి కటకటలాడుతోంది, వచ్చే సీజనులో సరుకు ఇవ్వగలదా?" అనిపిస్తుంది. దయ, మెర్సీ అన్న మాటలు ఆయన భాషలో ప్రాణం మీదికి వచ్చినవాడు అనేవి. రెండోది ఇంకా ప్రమాదం. "అడ్జస్ట్" అన్నాం. మన సర్దడం అంటే ఎలాగోలా డబ్బు సమకూర్చి పంపడం. అకౌంట్స్ వాళ్ల భాషలో అడ్జస్ట్ అంటే ఒక బిల్లులోంచి కోసి ఇంకో బిల్లులో కలపడం. అంటే వాళ్ల అకౌంట్స్ గుమస్తా దాన్ని, "వచ్చే ఇన్‌వాయిస్‌లో చూసుకుందాం అంటున్నాడు" అని అర్థం చేసుకునే అవకాశం ఉంది. మనం అడిగినదానికి సరిగ్గా ఉల్టా. మూడోది "ఇఫ్ పాసిబుల్". గడువు దాటిన బాకీకి వీలైతే ఇవ్వండి అని రాస్తే, వీలు కాకపోతే ఇవ్వక్కర్లేదని మనమే చెప్పినట్టు. ఇక "యూ కెన్ సీ". బిల్లు చూసుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు అని ఆయనకి మనం అనుమతి ఇస్తున్నాం!

రెండో రకం అనువాదకులు ఈ చిక్కులన్నీ తెలిసినవాళ్లు. ఇంగ్లీషులో సూటిగా రాయాలి అని ఎక్కడో విని ఉంటారు. మర్యాదంతా కత్తిరించి, "యువర్ పేమెంట్ ఈజ్ ఓవర్‌డ్యూ. ప్లీజ్ క్లియర్ ఇట్ బిఫోర్ మంత్ ఎండ్" అని పంపేస్తారు. అర్థం తప్పలేదు. కానీ బాబాయి గారు ఆ మనిషితో అలా మాట్లాడలేదు. ఆ రెండు వాక్యాలు చదివిన రాబర్ట్, "ఈయనకి కోపం వచ్చిందే, నేనేం చేశాను?" అనుకుంటాడు. చేయని గొడవ మనం చేసిపెట్టాం.

మరి మధ్యలో ఎక్కడ నిలబడాలి? "మధ్యస్తంగా రాయండి" అంటే సరిపోదు, దానికి కొలత కావాలి. ఆ కొలత గురించే ఇవాళ మాట్లాడదామనుకున్నాను.

పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అని ఇద్దరు మర్యాద మీద 1978లో ఒక సిద్ధాంతం రాశారు. భాషాశాస్త్రం చదివినవాళ్లు విని ఉంటారు. వాళ్లు ముఖ్యంగా మూడు భాషలు చూశారు. ఇంగ్లీషు, మెక్సికోలో మాట్లాడే త్సెల్తాల్, మన పక్కింటి తమిళం. అడిగేటప్పుడు ఎంత మర్యాద కావాలన్నది మూడింటిని బట్టి ఉంటుందన్నారు. ఇద్దరి మధ్య దూరమెంత, ఎవరిది పైచేయి, అడిగేదాని బరువెంత. దీని మీద ఆ తర్వాత చాలా వాదాలు నడిచాయి, అవి మనకొద్దు. మన పనికి ఈ మూడు ప్రశ్నలు చాలు. కానీ వీటికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలని నా అనుభవం. ఈ మనిషికి, ఈ భాషలో, సున్నా ఎక్కడ?

సున్నా అంటే ఏమిటి? ఉంటే ఎవరూ గమనించరు, తీసేస్తే మాత్రం అందరూ గమనిస్తారు. అదీ సున్నా. తెలుగులో "పంపండి"లో ఉన్న "అండి" వ్యాపారంలో సున్నా. ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు అది ఉండి తీరాలి. ఉన్నందుకు ఎవరూ పొంగిపోరు. తీసేసి "పంపు" అంటే మాత్రం గొడవే. ఇంగ్లీషు క్రియకి ఈ సదుపాయం లేదు. "సెండ్ ఇట్" అంటే మన "పంపండి"తో పాటు "పంపు" కూడా వస్తుంది. అందుకని ఆ భాష మర్యాదని క్రియ చివర కాకుండా వాక్యం ముందు పెట్టుకుంటుంది, ప్రశ్నగా మార్చి. "కుడ్ యూ సెండ్ ఇట్?" అన్నది వాళ్ల "పంపండి". అది అతి వినయం కాదు, వాళ్ల సున్నా. "ఇంత చిన్నదానికి కుడ్ యూ ఎందుకండీ?" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. అది లేకపోతే మనం సున్నా కిందికి దిగిపోతాం, అందుకు.

అలాగే "చూడగలరు", "పంపగలరు". పుట్టుకలో అది సామర్థ్యం చెప్పే మాటే. చేయగలరు అంటే చేసే శక్తి ఉన్నవారని. కానీ ఉత్తరాల్లో అది ఎప్పుడో అడిగే మాట అయిపోయింది. దరఖాస్తుల్లో, పెళ్లి శుభలేఖల్లో, ఆఫీసు నోటీసుల్లో అంతటా అదే. "సకుటుంబంగా విచ్చేయగలరు" అంటే మీకు వచ్చే ఓపిక ఉందని కాదు కదా! దాని ఎత్తు "అండి" కంటే ఒక మెట్టు పైన, అంతే. ఇంగ్లీషులో ఆ మెట్టు "వుడ్ యూ బీ ఏబుల్ టు", "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్" దగ్గర ఉంటుంది.

ఇప్పుడు బాబాయి గారి ఉత్తరానికి వద్దాం. ఇందులో ఏది సున్నా, ఏది ఆయన కావాలని పైకి ఎత్తింది? కాగితం చూస్తే తెలియదు. ఆయన్నే అడగాలి. అయితే "మీరు ఎంత మర్యాదగా రాశారు?" అని అడిగితే ఎవరికీ జవాబు రాదు. నేను ఇలా అడుగుతాను. "బాబాయి గారూ, ఇదే బాకీ చిలకలూరిపేటలో మీ ఈడు వ్యాపారి మీకు ఇవ్వాల్సి ఉంటే ఎలా రాసేవారు?"

ఆయన, "రాయనమ్మా, ఫోన్ చేస్తాను. అన్నగారూ, ఆ లెక్క సంగతి కాస్త చూడండి అంటాను" అన్నారు.

"ఎంత అని చెప్పరా?"

"ఆయనకి తెలీదా ఏంటి? అంకె చెబితే మొహం మీద కొట్టినట్టుండదూ?"

చూశారా? ఇప్పుడు మనకి సున్నా దొరికింది. సమానుడి దగ్గర కూడా ఆయన అంకె చెప్పరు. కాబట్టి ఉత్తరంలో అంకె లేకపోవడం రాబర్ట్ మీద ప్రత్యేక గౌరవం కాదు, ఈయనకి మామూలే. "ఒకసారి", "కాస్త" కూడా మామూలే. మరి దయ, అదృష్టం? "బ్యాంకు మేనేజరుకి రాసినా అలాగే రాస్తారా?" అన్నాను. "ఉత్తరమంటే అలాగే కదమ్మా మొదలుపెట్టేది, మా నాన్నగారూ అలాగే రాసేవారు" అన్నారు. అంటే అదీ మామూలే. సరే, మిగిలిందేమిటి? "చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ." అది మాత్రం రాబర్ట్ కోసం రాసింది. ఎందుకని అడిగితే విషయం బయటికొచ్చింది. మొదటిసారి సరుకు తీసుకుని, నచ్చి, రెండో ఆర్డరు కూడా ఇచ్చిన విదేశీ పార్టీ ఇదొక్కటే. డబ్బు అడిగినందుకు మూడో ఆర్డరు పోతుందేమో అని ఆయన టెన్షన్.

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలు వేసుకోండి. దూరం? రెండు లావాదేవీలు జరిగాయి, మనిషిని చూడలేదు, అంటే కొంచెం దూరమే. పైచేయి? కొనేవాడిది కాస్త పైచేయి, కానీ బాకీ న్యాయంగా రావాల్సింది. బరువు? చిన్నదేమీ కాదు, అలాగని ఉపకారం కూడా కాదు, మన డబ్బు మనం అడుగుతున్నాం. కాబట్టి ఈ ఉత్తరం ఎత్తు ఎంత? ఇంగ్లీషు సున్నాకి ఒక మెట్టు పైన. మాటలు చూస్తే నాలుగైదు మెట్లు పైన ఉన్నట్టుంది. కానీ ఆ నాలుగూ తెలుగు ఉత్తరం మామూలుగా నిలబడే చోటు. మనం ఇంగ్లీషులోకి తేవాల్సింది ఆయన సొంతంగా ఎక్కిన ఆ ఒక్క మెట్టు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. తెలుగులో మనం బాకీ అడిగేటప్పుడు అడిగే తీరునీ మెత్తబరుస్తాం, విషయాన్నీ మెత్తబరుస్తాం. "ఆ పాత బిల్లు", "నెలాఖరులోగా", "వీలైతే", అన్నీ మెత్తనే. ఇంగ్లీషు వ్యాపార ఉత్తరంలో అడిగే తీరుని ఎంతైనా మెత్తబరచవచ్చు. విషయాన్ని మెత్తబరిస్తే మాత్రం దాన్ని ఎవరూ గౌరవం కింద లెక్కేయరు, "ఈయన దగ్గర కాగితాలు సరిగ్గా లేవేమో" అనుకుంటారు. అందుకని అంకె, తేదీ, ఇన్‌వాయిస్ నంబరు రాయిలా ఉండాలి. వాటి చుట్టూ ఉన్న మాటలు మెత్తగా ఉండాలి. పైగా నంబరు ఇస్తే రాబర్ట్‌కి పని తేలిక. పాత బిల్లు అంటే ఏదో వెతుక్కోనక్కర్లేదు, ఆ మెయిలుని అలాగే అకౌంట్స్‌కి పంపేయవచ్చు. అవతలి మనిషి పని తగ్గించడం అక్కడ మర్యాదే.

ఈ లావాదేవీ వివరాలు చూద్దాం. ముప్పై శాతం అడ్వాన్సు ఇచ్చారు. మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి 60 రోజుల్లో ఇవ్వాలి. బిల్ ఆఫ్ లేడింగ్ అంటే ఓడవాళ్లు సరుకు అందిందని ఇచ్చే కాగితం, అది ఏప్రిల్ 13 తేదీతో ఉంది. లెక్కేస్తే గడువు జూన్ 12. రావాల్సింది 18,400 పౌండ్లు, ఇన్‌వాయిస్ 47. ఉత్తరం రాసింది జూన్ మూడో వారంలో. అంటే గడువు దాటి వారమే అయింది. ఇది కూడా గుర్తుంచుకోవాలి. వారం ఆలస్యానికి "ఓవర్‌డ్యూ" అన్న మాట కాస్త బరువు. "విచ్ ఫెల్ డ్యూ ఆన్ 12 జూన్" అంటే చాలు. నిజం మారలేదు, నింద మాత్రం పోయింది.

నేను రాసింది చెబుతాను, ఒక్కో వాక్యం ఎందుకలా ఉందో చూడండి. సబ్జెక్ట్ లైనులో ఇన్‌వాయిస్ నంబరు, మొత్తం, అంతే. అక్కడ భావం ఏమీ వద్దు. "రిక్వెస్ట్" అనో "అర్జెంట్" అనో పెట్టవద్దు.

మొదటి వాక్యం: "ఐ హోప్ యూ ఆర్ వెల్." కుటుంబ సభ్యుల క్షేమం తీసేశాను. మనిషిని ఎప్పుడూ చూడని వ్యాపారి ఇంటివాళ్ల సంగతి ఎత్తితే ఇంగ్లీషువాళ్లకి కొంచెం ఇబ్బంది. కానీ క్షేమం అడగడం మొత్తం తీసేస్తే సున్నా కిందికి పోతాం. రెండో వాక్యం: "వి వర్ వెరీ గ్లాడ్ టు హియర్ దట్ ది ఏప్రిల్ షిప్‌మెంట్ మెట్ విత్ యువర్ అప్రూవల్." ఇందులో మీ అప్రూవల్ అన్నాను చూశారా, మా అదృష్టం అన్నదానిలో ఉన్న గౌరవాన్ని ఇక్కడికి తెచ్చాను. మనల్ని తగ్గించుకోకుండా, తీర్పు చెప్పే స్థానం ఆయనకి ఇచ్చాం.

మూడో వాక్యంలో విషయం. "ఐ యామ్ రైటింగ్ అబౌట్ ద బ్యాలెన్స్ ఆఫ్ 18,400 పౌండ్స్ ఆన్ ఇన్‌వాయిస్ 47, విచ్ ఫెల్ డ్యూ ఆన్ 12 జూన్." ఇది పూర్తిగా రాయిలా ఉంది. నాలుగోది కారణం: సీజను చివర మేము రైతులకి లెక్కలు తేలుస్తాం, జూన్ 30 లోగా వస్తే మాకు చాలా సాయం. "ఇట్ వుడ్ బి ఎ గ్రేట్ హెల్ప్ టు రిసీవ్ ఇట్ బై 30 జూన్." తెలుగులో కారణం ముందొచ్చి అడగడం తర్వాత వచ్చింది. ఇక్కడ విషయం ముందు, కారణం వెనక. ఐదోది అసలైన అడగడం: "కుడ్ యూ లెట్ మి నో వెన్ వి మైట్ ఎక్స్‌పెక్ట్ ద పేమెంట్?" డబ్బు పంపండి అనలేదు. ఎప్పుడు వస్తుందో చెప్పమన్నాం. బాబాయి గారి మొహమాటం ఇక్కడికి వచ్చి కూర్చుంది. ఆ "మైట్" కూడా ఆయనదే.

ఆరో వాక్యం: "ఇఫ్ యూ నీడ్ ఎనీ డాక్యుమెంట్ ఫ్రమ్ అవర్ సైడ్, ఐ విల్ సెండ్ ఇట్ ఎట్ వన్స్." ఇది తెలుగు ఉత్తరంలో ఎక్కడుంది? "మీరేమీ అనుకోవద్దు" అన్నచోట ఉంది. ఆ మాట పనేమిటి? మిమ్మల్ని తప్పుపట్టడం లేదు అని చెప్పడం. ఆ పనిని ఇంగ్లీషులో ఇలా చేస్తారు. ఆలస్యానికి కారణం మా కాగితమే అయి ఉండవచ్చు అని ఆయనకి ఒక దారి వదులుతారు. నిజంగా ఆలస్యం రాబర్ట్ వల్లే అయినా, ఆ దారిలోంచి పరువుగా బయటికొచ్చి డబ్బు పంపేస్తాడు. చివరిది "మా మీద దయ ఉంచగలరు". వచ్చే సీజనులో కూడా మీతో పనిచేయాలని ఎదురుచూస్తున్నాం అని రాశాను. ఆయన మనసులో ఉన్నది అదే కదా, మూడో ఆర్డరు.

ఇంకో చిన్న విషయం. తెలుగులో అంతా "మేము". ఇంగ్లీషులో నేను విడదీశాను. సరుకు, డబ్బు అన్నచోట "వి", అంటే కంపెనీ. క్షేమం, మనవి, కాగితం పంపుతాననే మాట "ఐ". మాట్లాడేది ఒక మనిషి అని తెలిస్తే ఆ ఉత్తరం నోటీసులా ఉండదు.

ఇది పంపే ముందు బాబాయి గారికి తెలుగులో చెప్పాలి. నేను రాసిన ఇంగ్లీషుకి మళ్లీ మాటకి మాట తెలుగు చేసి చెబితే ఆయనకి గుండె ఆగుతుంది. అవతలి మనిషికి ఎలా వినిపిస్తుందో చెప్పాలి. అయినా ఆయన ఒకచోట పట్టుకున్నారు. "ఏమ్మా, మూడో వాక్యంలోనే డబ్బు మాటా? పైగా అంకెతో సహా?" అన్నారు. "అక్కడ అది మొహం మీద కొట్టడం కాదండీ, అది లేకపోతేనే మీరు ఏదో దాస్తున్నారనుకుంటారు" అన్నాను. ఒప్పుకున్నారు గానీ, "పెద్దలు" అన్న మాట పోయినందుకు బాధపడ్డారు. దానికి నా దగ్గర ఇంగ్లీషు లేదండీ. ఉందంటే అబద్ధం. ఆ ఒక్కటి పోయింది.

ఇప్పుడు అందరూ పొరపాటు పడే చోటు ఒకటి చెబుతాను. మర్యాద అంటే లాంఛనం అనుకోవడం. తెలుగులో బాకీ అడిగే ఉత్తరాలు మూడు వరసగా పెట్టి చూడండి. మొదటిది "చూడగలరు". రెండోది "దయచేసి వెంటనే పంపండి". మూడోది ఎలా ఉంటుంది? "సదరు మొత్తమును తక్షణమే చెల్లించవలసిందిగా ఇందుమూలముగా కోరడమైనది." భాష గ్రాంథికమైంది. గౌరవం పెరిగిందా? లేదు, కోపం పెరిగింది. కోరడమైనది అట, ఎవరు కోరారు? మనిషి మాయమైపోయాడు. ఇంగ్లీషులో కూడా అంతే. "వి హియర్‌బై రిక్వెస్ట్ దట్ పేమెంట్ బి మేడ్" అన్నది మూడో నోటీసు భాష. మొదటి ఉత్తరంలోనే గౌరవం కోసమని అది వాడితే, మనం రెండు ఉత్తరాలు దాటేసి లాయరు గుమ్మం దగ్గర నిలబడ్డట్టే. "కైండ్లీ" తోనూ జాగ్రత్త. మన దేశంలో అది మంచి మర్యాద మాట. బ్రిటన్‌లో "కైండ్లీ పే" అంటే చాలామందికి పళ్లు బిగించి అన్నట్టు వినిపిస్తుంది.

అలాగని మన ఇంగ్లీషు తప్పని నేననడం లేదు. ఇదే ఉత్తరం ముంబైలో బ్యాంకుకో, ఢిల్లీలో ప్రభుత్వ ఆఫీసుకో వెళ్లేదైతే "రెస్పెక్టెడ్ సర్", "కైండ్లీ" ఉంచేస్తాను, ఉంచాలి కూడా. అక్కడ సున్నా అదే. చదివేది ఎవరో తెలియకుండా ఎత్తు నిర్ణయించలేం.

పేరు సంగతి ఎవరో రాసి పంపారు, చెబుతాను. రాబర్ట్ గారు అన్నదాన్ని "మిస్టర్ రాబర్ట్" అని రాయకూడదు. మిస్టర్ ఇంటిపేరుకే తగులుతుంది, మిస్టర్ స్మిత్. మన గారు ఇంటిపేరుకి కాకుండా పేరుకి తగులుతుంది, చిక్కంతా అక్కడే. ఆయన తన మెయిల్ చివర ఏమని సంతకం పెడుతున్నాడో చూడండి. "రాబర్ట్" అని పెడితే "డియర్ రాబర్ట్" అనవచ్చు, అది ఏకవచనం కాదు. పూర్తి పేరు పెడితే మిస్టర్ స్మిత్. మన వైపు నుంచి కూడా ఇబ్బంది ఉంది. మన ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి వాళ్లు చివరి మాట పట్టుకుని "మిస్టర్ రావు" అంటారు. సంతకం దగ్గర ఎలా పిలవాలో తెలిసేలా రాస్తే వాళ్లకీ ఇబ్బంది ఉండదు.

ఇక చివరగా జవాబు గురించి. ఉత్తరం వెళ్లిన తర్వాత రాబర్ట్ నుంచి వచ్చింది ఇది. "థ్యాంక్స్ ఫర్ యువర్ నోట్. సారీ అబౌట్ దిస్. విల్ గెట్ ఇట్ సార్టెడ్ బై ఫ్రైడే. బెస్ట్, రాబ్." అంతే! బాబాయి గారు స్క్రీన్ చూసి, "ఇంతేనా? నమస్కారం కూడా లేదే" అన్నారు. ఇప్పుడు మన పని అటు నుంచి ఇటు. ఇది వాళ్ల సున్నాలోనే ఉంది, ఇంకా చెప్పాలంటే కొంచెం దగ్గరితనం చూపించాడు, రాబ్ అని సంతకం పెట్టాడు. దాన్ని "శుక్రవారంలోగా చూస్తాం" అని పొడిగా చెబితే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు. నేను, "ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దన్నారండీ, శుక్రవారంలోగా పంపే ఏర్పాటు చేస్తామన్నారు" అని చెప్పాను. గారూ, అండీ నేను పెట్టాను, పెట్టాలి. కానీ అక్కడితో ఆగాను. "తప్పకుండా అందుతుంది, మాట ఇచ్చారు" అని చెప్పలేదు, ఎందుకంటే ఆయన అనలేదు. "గెట్ ఇట్ సార్టెడ్" అంటే వాళ్ల వైపు పని అయిపోతుందని. డబ్బు మన బ్యాంకు ఖాతాలో పడటానికి ఆ పైన ఇంకో రెండు మూడు రోజులు పట్టవచ్చు. మర్యాద మనం కలపవచ్చు, హామీ కలపకూడదు. ఆ శుక్రవారాన్ని నమ్ముకుని ఆయన యార్డులో కమీషన్ వాళ్లకి మాట ఇచ్చేస్తే? అందుకని, "రైతులకి సోమవారం తర్వాత అని చెప్పండి బాబాయి గారూ" అన్నాను.

"అలాగే చెబుతాలే గానీ, ఈసారి రాసేటప్పుడు డియర్ రాబ్ అంటావా ఏంటి?" అన్నారు. ఆయన నోటికి అది రాదు. "డియర్ రాబర్ట్ దగ్గర ఆగుదామండీ" అన్నాను.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనకావిడ చెయ్యెత్తారు, మైకు ఇవ్వండి.